చివరి వాయిదా

"ముందు నువ్వే మొదలుపెట్టక్కా," అన్నాడు తమ్ముడు, మిషన్ల కంపెనీ మెట్లెక్కుతూ.

"మిషను సంగతి తెలిసింది నీకు కదా?"

"డబ్బు సంగతి చూసేది నువ్వు కదా."

అక్క ఒక్క క్షణం మెట్టు మీద ఆగి అతని వైపు చూసింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని తనే ముందు నడిచింది.

అట్టపెట్టెల కార్ఖానా వాళ్ళిద్దరిదీ. తండ్రి పోయాక చెరిసగం వచ్చింది. ఆర్డర్లు, బ్యాంకు, జీతాలు అక్క చూస్తుంది. మిషన్లు, మనుషులు, సరుకు తమ్ముడు చూస్తాడు. పెట్టెల్ని మడిచి జిగురు పెట్టే పని ఇంకా చేతులతోనే జరుగుతోంది. ఆ పని చేసే మిషను కొంటే తప్ప సబ్బుల కంపెనీ ఇచ్చే పెద్ద ఆర్డరు అందుకోలేరు. ఆ మిషను కోసమే వచ్చారు.

లోపల సేల్స్ మేనేజరు మంచినీళ్ళు తెప్పించి, రంగుల కాగితాలు ముందు పరిచి, మిషను ఎంత వేగంగా నడుస్తుందో చెప్పాడు. ఆ తర్వాత తమ షరతులు చెప్పాడు. ఆర్డరుతో సగం కట్టాలి. మిగతా సగం మిషను లారీ ఎక్కేముందు కట్టాలి.

అక్క గొంతు సవరించుకుంది. "మేం వేరేగా అడుగుదామని వచ్చామండి. ఆర్డరుతో నూటికి ఇరవై కడతాం. మిషను మా షెడ్డుకి వచ్చి, పెట్టెలు విప్పి అన్నీ ఉన్నాయని చూసుకున్నాక నలభై. మీ ఫిట్టరు బిగించడం పూర్తయ్యాక ఇరవై. మా అట్టతో ఒక షిఫ్టు నడిపి చూపించాక ఆఖరి ఇరవై."

మేనేజరు పెన్ను మూత పెట్టేశాడు. మర్యాద పోలేదు గానీ గొంతులో తేడా వచ్చింది. "అలా కుదరదండి. ఒకసారి మీ నేలలో బోల్టులు దిగాక మేం దాన్ని వెనక్కి తెచ్చుకోగలమా? డబ్బు ఇబ్బందైతే చెప్పండి, తప్పేం లేదు. ఒకరు వాడేసిన మిషను ఉంది మా దగ్గర. సగం ధరకి వస్తుంది."

తమ్ముడి చెవులు వేడెక్కాయి. డబ్బు ఇబ్బంది లేదు. బ్యాంకు లోను మంజూరు చేసింది, తమ వాటా కూడా సిద్ధంగా ఉంది. ఆ మాట అక్క చెబుతుందనుకున్నాడు. ఆమె చెప్పలేదు. చెబితే, ఉన్న డబ్బు దగ్గర పెట్టుకుని ఇలా ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పాల్సి వస్తుంది. అది తన కథ. అక్క దాన్ని అతని కోసం అలాగే వదిలేసింది. అతను టేబులు మీద గ్లాసు కింద ఏర్పడిన తడి మచ్చని చూస్తూ కూర్చున్నాడు. లేనివాళ్ళనుకుంటే అనుకోనీ, అనిపించింది.

అంతలో పక్క గది తలుపు తీసుకుని కంపెనీ యజమానురాలు వచ్చింది. నడివయసు మనిషి. చేతిలో గ్రీజు అంటిన ఏదో చిన్న చక్రం. మేనేజరు లేచి నిలబడి "మేడమ్" అంటూ సంగతి చెప్పాడు. ఆమె చక్రాన్ని కాగితాల మీదే పెట్టి కుర్చీ లాక్కుంది.

"నేను సూటిగా అడుగుతా, ఏమనుకోకండి. డబ్బు లేక ఇలా అడుగుతున్నారా? అలా అయితే రేపు చివరి వాయిదా కూడా ఉండదు. ఉండి అడుగుతున్నారా? అలా అయితే నా మీద నమ్మకం లేదన్నమాట. ఏదో ఒకటి చెప్పండి."

అక్క తమ్ముడి వైపు తిరగలేదు. చేతిసంచీ గొలుసు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది.

"మీ మీద కాదండీ," అన్నాడు అతను చివరికి. "నా మీదే నాకు నమ్మకం లేదు. కిందటేడాది ఇలాంటి మిషనే ఒకటి కొన్నాం. నేనే కొన్నాను. వాడు తియ్యగా మాట్లాడాడు, ధర తగ్గించాడు. మొత్తం ముందే కట్టేశాను. మిషను వచ్చింది. నడిపించే ప్యానెలు మాత్రం రాలేదు. వచ్చే వారం, వచ్చే వారం అన్నాడు. ఆ తర్వాత ఫోనూ లేదు, ఆఫీసూ లేదు."

"డబ్బు ఎవరిది?"

అతను గ్లాసుని పక్కకి జరిపాడు.

"నాది," అంది అక్క, మామూలుగా. "ఇల్లు కట్టుకుందామని దాచుకున్నది."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆ మిషను ఇంకా ఉందా?"

"ఉందండి. షెడ్డులోనే."

"చూస్తాను."

మర్నాడు ఉదయం ఆమె వచ్చింది. తమ్ముడు టార్పాలిన్ తీస్తుంటే పనివాళ్ళు చేతులాపి చూశారు. కొన్న రోజున ఇదే మిషను పక్కన నిలబడి ఫోటో దిగి, తెలిసిన ప్రతివాడికీ పంపాడు అతను. బంధువుల పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు, "కొత్త మిషను ఎలా నడుస్తోందిరా?" అని. "బ్రహ్మాండంగా" అని చెప్పి, ప్లేటు పట్టుకుని పక్కకి జరుగుతుంటాడు.

మేడమ్ మిషను చుట్టూ తిరిగింది. బెల్టులు నొక్కి చూసింది. వంగి రోలర్ల కిందకి చెయ్యి పోనిచ్చింది. "బాడీ కూడా పాతదే. రంగు కొత్తగా వేశారు," అంది. ఆ సంగతి తమ్ముడికి అప్పటిదాకా తెలియదు. అక్కకీ తెలియదు. అక్క టార్పాలిన్ ఒక కొస పట్టుకుని కప్పడానికి సాయపడింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

తర్వాత ముగ్గురూ షెడ్డు మూలనున్న అద్దాల గదిలో కూర్చున్నారు. మేడమ్ తన షరతులు ఒక్కొక్కటే చెప్పింది.

"మీరడిగినట్టే నాలుగు వాయిదాలకి ఒప్పుకుంటా. ఆఖరి పైసా అందేవరకు కాగితం మీద మిషను నాదే. మీరు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. నేల చదునుగా ఉండటం, కరెంటు లోడు, కంప్రెసర్ గాలి మీ పూచీ. అవి సిద్ధం కాక నా మనిషి ఖాళీగా కూర్చుంటే తప్పు నాది కాదు. మీ వల్ల ఆలస్యమైతే డెలివరీ అయిన రెండు నెలల దాకా చూస్తా, ఆ తర్వాత పరీక్ష జరిగినా జరగకపోయినా మిగతా వాయిదాలు కట్టాలి. సరేనా?"

"సరేనండి," అంది అక్క. "మేమిచ్చే అడ్వాన్సుకి మీ బ్యాంకు గ్యారంటీ ఇప్పించాలి. మిషను రాకపోతే బ్యాంకే మాకు తిరిగివ్వాలి."

మేడమ్ మొదటిసారి నవ్వింది. "దెబ్బ తిని నేర్చుకున్నారన్నమాట. ఇస్తాను. ఇక ఆఖరి వాయిదా. మిషను బాగా నడిచిందా లేదా అన్నది నా మాట మీదా ఉండకూడదు, మీ మాట మీదా ఉండకూడదు. గంటకి ఎన్ని పెట్టెలు రావాలి, వందలో ఎన్ని పాడైనా పరవాలేదు, అంతా ముందే రాసుకుందాం. ఆ లెక్క అందితే ఆ రోజే సంతకం. సంతకం పెట్టిన వారంలో డబ్బు."

తమ్ముడు తలూపాడు.

మేడమ్ లేస్తూ అంది, "ఇలా ఎవరికీ ఇవ్వలేదు ఇంతవరకు. మా మేనేజరు వద్దంటూనే ఉన్నాడు. మీ దగ్గర సవ్యంగా జరిగితే మీలాంటి చిన్న కార్ఖానాలన్నిటికీ ఇదే పద్ధతి పెడతాను. కాబట్టి నా పరువు తీయకండి."

"అయ్యో, అదేం మాటండీ," అన్నాడు తమ్ముడు.

మిషను చెప్పిన నెలలోనే వచ్చింది. అక్క గేటు దగ్గర నిలబడి, ప్యానెలు ఉన్న పెట్టెని ముందుగా విప్పించింది. ప్యానెలు కనబడ్డాక తమ్ముడి భుజం మీద చిన్నగా తట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే రెండో వాయిదా బ్యాంకు నుంచి వెళ్ళింది.

మిషను బిగించడానికి వచ్చిన ఫిట్టరు బక్కపలచటి మనిషి. మాట తక్కువ. ఇంట్లో భార్య కాలు విరిగి కట్టుతో ఉందట, రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత పెట్టాక ఫోన్ చేసి "మందు వేసుకున్నావా?" అని అడిగేవాడు. మట్టం చూసి మిషను నిలిపాడు, బోల్టులు దించాడు, గాలి గొట్టాలు కలిపాడు, బెల్టులు సరిచేశాడు. మూడో వాయిదా కూడా ఏ పేచీ లేకుండా వెళ్ళింది.

పరీక్ష రోజు పొద్దున్నే సబ్బుల కంపెనీ వాళ్ళు తమ్ముడికి ఫోన్ చేశారు. పాత బిల్లు ఇంకో నెల ఆగుతుందట. ఆఖరి వాయిదాకని ఉంచిన డబ్బు కొత్త ఆర్డరుకి అట్ట కొనడంలో ఖర్చయింది, ఇప్పుడది కట్టాల్సింది ఆ బిల్లు డబ్బుతోనే. "అది ఠంచనుగా వస్తుంది, నువ్వు దాని గురించి ఆలోచించకు" అని అక్కకి మాటిచ్చింది తనే. అక్క ఎదురుగానే ఉంది, పనివాళ్ళకి ఏదో పురమాయిస్తోంది. పిలిచి చెబుదామనుకున్నాడు. మళ్ళీ నువ్వేనా, అన్నట్టు ఆమె చూసే చూపు ముందే కళ్ళకి కట్టింది. ఫోను జేబులో వేసుకున్నాడు.

మిషను షిఫ్టంతా నడిచింది. అట్ట ఒక చివర లోపలికి పోతోంది, మడతలు పడుతున్నాయి, జిగురు పెట్టుకుంటోంది, రెండో చివర పెట్టెలు బల్లపరుపుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి, నొక్కుకుంటూ బయటికి వస్తున్నాయి. పనివాళ్ళలో ఒకావిడ, ఇన్నాళ్ళూ చేత్తో జిగురు పూసినావిడ, బెల్టు పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూసింది. వేగం రాసుకున్నదానికి పైనే ఉంది. పాడైనవి చాలా తక్కువ. షిఫ్టు అయ్యాక ఫిట్టరు చేతులు తుడుచుకుని, పత్రం తీసి, తమ్ముడి ముందు పెట్టాడు.

తమ్ముడు పెన్ను తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. పక్కన దొంతరలోంచి ఒక పెట్టె తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది చూడండి. అంచు వంకరగా పోతోంది."

ఫిట్టరు పెట్టె తీసుకుని చూశాడు. "వందలో ఒకటో రెండో అలా వస్తాయి సార్. పరవాలేదని మన కాగితంలోనే ఉంది కదా."

"మా కస్టమరు ఒప్పుకోడు. నాకు తెలుసు వాళ్ళ సంగతి. ఇది సరిచెయ్యనిదే నేను సంతకం పెట్టను."

ఫిట్టరు అతని మొహంలోకి చూశాడు. "సరే సార్, చూస్తాను," అన్నాడు. తమ్ముడు తల తిప్పుకున్నాడు. కాసేపటికి మిషను వెనకనుంచి ఫిట్టరు గొంతు వినబడింది, "ఇవాళ రాలేనేమో. మందు వేసుకో."

మేడమ్‌కి తమ్ముడే ఫోన్ చేశాడు. అంచు సరిగా రావడం లేదన్నాడు. ఆమె ఫిట్టరుతోనూ మాట్లాడింది. చివరికి, "సరే, మీరు తృప్తి పడేదాకా మా మనిషి అక్కడే ఉంటాడు," అని పెట్టేసింది. గొంతులో కోపం లేదు.

ఆ రోజునుంచి ఒక వింత మొదలైంది. ఫిట్టరు పొద్దున్నే వచ్చి, సరిగా ఉన్న మిషనుని విప్పి మళ్ళీ అలాగే బిగించేవాడు. ఆ తర్వాత తమ్ముడు అదే మిషను మీద ఆర్డరు పని చేయించేవాడు. చేయించకపోతే గడువు దాటిపోతుంది మరి. పెట్టెలు కట్టలు కట్టి లారీకి ఎక్కేవి. ఫిట్టరు స్టూలు మీద కూర్చుని ఆ లారీ వైపు చూసేవాడు. తమ్ముడు అతనికి ఎదురుపడకుండా వెనక గుమ్మంలోంచి తిరగడం మొదలుపెట్టాడు.

అక్కకి ముందు పట్టలేదు. మిషను సంగతులు తమ్ముడివే కదా అనుకుంది. ఒక రోజు బిల్లు ఇవ్వడానికి లారీ దగ్గరికి వచ్చి, ఎక్కుతున్న కట్టలు చూసి ఆగిపోయింది. ఒక పెట్టె లాగి, మడత విప్పి, అంచు మీద వేలు పోనిచ్చింది. ఆ పెట్టె పట్టుకునే అద్దాల గదిలోకి వచ్చింది. తలుపు వేసింది.

"వంకరగా వస్తున్నాయన్నావు?"

"కొన్ని వస్తున్నాయి."

"కొన్ని అంటే? అవన్నీ ఎక్కడ పెట్టావ్? నాకు చూపించు."

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు.

"మిషను నడుస్తోందా, లేదా?"

"నడుస్తోంది."

"మరి సంతకం?"

అప్పుడు చెప్పాడు. సబ్బుల కంపెనీ ఫోన్, బిల్లు ఆగిపోవడం, చెప్పడానికి మొహం చెల్లకపోవడం. చెబుతున్నంతసేపూ అద్దంలోంచి కనబడే కంప్రెసర్ మీద కన్ను పెట్టి మాట్లాడాడు. అక్క విని, పెట్టెని బల్ల మీద పెట్టింది.

"డబ్బు లేదని చెప్పడానికి సిగ్గేసింది. బాగున్న మిషనుని బాగోలేదనడానికి మాత్రం సిగ్గెయ్యలేదా?" గొంతు పెంచలేదు ఆమె. "పాత మిషను అమ్మినవాడు నీకు ఫోన్లో ఏం చెప్పేవాడో గుర్తుందా? వచ్చే వారం, వచ్చే వారం. నువ్వు ఈ ఫిట్టరుకి ఏం చెబుతున్నావ్?"

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "రేపు మేడమ్ దగ్గరికి వెళదాం అక్కా."

"ఈసారి నేను రాను. నువ్వెళ్ళు."

మర్నాడు మిషన్ల కంపెనీలో, మొదటిసారి అక్కతో కూర్చున్న గదిలోనే ఒంటరిగా కూర్చున్నాడు. మేనేజరు నీళ్ళు తెప్పించలేదు. మేడమ్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మిషను బాగానే ఉందండి," అన్నాడు. "మొదటిరోజే బాగుంది. మాకు రావాల్సిన డబ్బు ఆగిపోయింది. అడగలేక అబద్ధం చెప్పాను. మీ మనిషిని అనవసరంగా ఆపేశాను."

"తెలుసు," అంది ఆమె. "మా ఫిట్టరు మొదటిరోజే చెప్పాడు. మీ నోటితో మీరు చెబుతారేమోనని ఊరుకున్నా. కాగితం పట్టుకుని కొట్లాడొచ్చు, గెలుస్తాను కూడా. కానీ కొట్లాడితే ఆ పద్ధతి పెట్టిన నేనే వెర్రిదాన్నయినట్టు."

"క్షమించండి."

"ఎంత టైము కావాలి?"

"ఒక నెల."

"ఆ రోజు ఫోన్ చేసి ఇదే మాట అడిగుంటే వడ్డీ లేకుండా ఇచ్చేదాన్ని. ఇప్పుడు వడ్డీ వేస్తాను. మా ఫిట్టరు అదనంగా ఉన్న రోజుల ఖర్చు మీదే. సంతకం కింద పరీక్ష జరిగిన తేదీ వెయ్యండి, ఇవాళ్టిది కాదు."

"అలాగేనండి." అతను లేవబోయాడు.

"కూర్చోండి. ఇంకోటి చెప్పాలి." ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మీరు అంచు వంకర అని ఫోన్ చేసిన రోజున ఇక్కడ ఒకాయన కూర్చునున్నాడు. మందుల అట్టపెట్టెలు చేస్తాడట. భార్యాభర్తలిద్దరే పని. మీలాగే వాయిదాలు అడిగాడు. ఇద్దామనే అనుకున్నా. మీ ఫోన్ పెట్టేశాక మేనేజరు నా మొహం చూశాడు. కుదరదని చెప్పి పంపేశాను."

"ఇప్పుడు పిలవచ్చు కదండీ? నేనే వెళ్ళి మాట్లాడతాను. తప్పు నాదని చెబుతాను."

"మనసొప్పక నిన్న ఆయనకి ఫోన్ చేశాం. ఎవరో ధర తగ్గించి ఇస్తానన్నారట, అక్కడ కొనేశాడు." ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. "మొత్తం ముందే కట్టేశాడట."

ఎవరు అమ్మారని తమ్ముడు అడిగాడు. ఆమెకి తెలియదు. ఆ కొన్నాయన ఎక్కడుంటాడని అడిగాడు. "అది నేను చెప్పకూడదు. వెళ్ళి ఏం చెబుతారు మీరు?" అంది. నిజమే, ఏం చెబుతాడు? బహుశా ఆ మిషను బాగానే వస్తుంది. ముందే కట్టినవాళ్ళందరూ మోసపోరు. ఆ మాట తనకి తానే రెండు మూడు సార్లు చెప్పుకుంటూ మెట్లు దిగాడు.

షెడ్డుకి వచ్చి, ఫిట్టరు ముందు నిలబడి పత్రం మీద సంతకం పెట్టాడు. పాత తేదీ వేశాడు. "మీ ఇంట్లోవాళ్ళకి ఎలా ఉంది?" అని అడిగాడు. "నడవడం మొదలెట్టిందంట సార్. ఫోన్లో చెప్పింది," అన్నాడు ఫిట్టరు, పత్రం మడిచి సంచిలో పెట్టుకుంటూ. బస్సు దాకా దింపుతానంటే వద్దన్నాడు. పనిముట్ల పెట్టె భుజానికెత్తుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. పెట్టె బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. తమ్ముడు అతను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

నెలకి సబ్బుల కంపెనీ డబ్బు వచ్చింది. ఆఖరి వాయిదా వడ్డీతో సహా కట్టేశారు. మిషను తమ పేరు మీదకి వచ్చిన కాగితం అక్క బీరువాలో పెట్టింది. ఆ తర్వాత ఆమె మిషను సంగతులు కూడా అడగడం మొదలుపెట్టింది, అతను కూడా చెప్పడం మొదలుపెట్టాడు. బెల్టు సాగినా, జిగురు చిమ్మే గొట్టం ముక్కు మూసుకుపోయినా ముందు ఆమెకే చెబుతాడు.

వానలు మొదలయ్యాక ఒక బెల్టు తెగింది. తమ్ముడు మిషన్ల కంపెనీ విడిభాగాల కౌంటరుకి వెళ్ళాడు. ముందున్న ముగ్గురికీ సరుకిచ్చి, బిల్లు ఖాతాలో వేసుకున్నారు. తన వంతు వచ్చింది. కౌంటరు అమ్మాయి కంప్యూటర్లో చూసి కాస్త ఇబ్బందిగా తలెత్తింది.

"మీకు డబ్బు ముందు కట్టాకే ఇవ్వమని ఉంది సార్."

వెనకాల నిలబడ్డవాళ్ళు విన్నారు. అతను పర్సు తీసి కట్టాడు. బెల్టు కాగితంలో చుట్టి ఇస్తుంటే అడిగాడు, "కొత్త మిషన్లకి వాయిదాలు ఏమైనా ఇస్తున్నారామ్మా ఇప్పుడు?"

"లేదండి. అందరికీ పాత పద్ధతే."

బెల్టు చంకలో పెట్టుకుని, తడవకుండా వంగి నడుస్తూ షెడ్డుకి వచ్చాడు. అక్క మిషను దగ్గరే నిలబడి ఉంది.

"ఇచ్చారా?"

"ఇచ్చారు," అన్నాడు. మామూలుగా అయితే అక్కడితో ఆపేసేవాడు. "డబ్బు ముందు కట్టించుకుని ఇచ్చారక్కా. అందరి ముందూ."

ఆమె బెల్టు అందుకుంది. ఇద్దరూ వంగి, తెగినదాన్ని లాగడం మొదలుపెట్టారు.